కాటాలోని 10 మిల్లీవోల్టులు

కిరాణా కొట్టులో బియ్యం తూచే 50 కిలోల ఎలక్ట్రానిక్ కాటా పళ్ళెం విప్పి చూస్తే, కింద జానెడు పొడవున్న అల్యూమినియం కడ్డీ ఒకటి కనిపిస్తుంది. ఒక కొస అడుగు చట్రానికి, రెండో కొస పళ్ళేనికి బిగించి ఉంటుంది. మధ్యలో పెద్ద రంధ్రం తొలిచి, దాని పైనా కిందా లోహాన్ని కావాలనే పలచగా వదిలేస్తారు. దీని పేరు లోడ్ సెల్. బరువు పడితే కడ్డీ ఆ పలచని చోట్ల వంగుతుంది. ఎంతగా అంటే, కంటికి ఆనదు. జిగురు పూత తీసి చూడగలిగితే అక్కడ నాలుగు స్ట్రెయిన్ గేజ్‌లు అంటించి ఉంటాయి. సన్నటి రేకు తీగను మెలికలు మెలికలుగా పరిచిన చిన్న ముక్కలవి. తీగ సాగితే దాని నిరోధం పెరుగుతుంది, కుంచించుకుంటే తగ్గుతుంది. 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమ్మన్స్, ఆర్థర్ రూజ్ అనే ఇద్దరు ఎవరికి వారుగా కనిపెట్టిన ఉపాయం ఇది.

ఒక్కో గేజ్ నిరోధం మామూలుగా 350 ఓమ్‌లు. కాటా మీద పూర్తిగా 50 కిలోలు పెట్టినా అది మారేది దాదాపు 0.7 ఓమ్ మాత్రమే. మధ్యాహ్నం ఎండకు కడ్డీ వేడెక్కినా గేజ్ నిరోధం మారుతుంది కాబట్టి, ఒక్క గేజ్‌ను నమ్ముకుంటే బరువేదో వేడేదో తేలదు. అందుకే నాలుగు గేజ్‌లను చదరంగా కలుపుతారు. ఇదే వీట్‌స్టన్ బ్రిడ్జి. చదరంలో ఎదురెదురు మూలలకు 5 వోల్టులు ఇస్తారు, మిగిలిన రెండు మూలల నుంచి సిగ్నల్ తీసుకుంటారు. లోడ్ సెల్ నుంచి వచ్చే నాలుగు తీగలు ఇవే. చాలావాటిలో ఎరుపు, నలుపు కరెంటు ఇవ్వడానికి, ఆకుపచ్చ, తెలుపు సిగ్నల్ తీసుకోవడానికి. బరువు పడినప్పుడు రెండు గేజ్‌లు సాగుతాయి, రెండు కుంచించుకుంటాయి. వేడి మాత్రం నాలుగింటినీ ఒకేలా మారుస్తుంది కాబట్టి దాని ప్రభావం చాలావరకు అందులోనే కొట్టుకుపోతుంది.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. పళ్ళెం ఖాళీగా ఉన్నప్పుడు రెండు సిగ్నల్ తీగల మీదా 2.5 వోల్టులే ఉంటాయి. 50 కిలోలు పెడితే ఒకటి 2.505కు ఎక్కుతుంది, రెండోది 2.495కు దిగుతుంది. అంటే తేడా 0.01 వోల్టు, 10 మిల్లీవోల్టులు. ఒక కిలోకు వచ్చేది 200 మైక్రోవోల్టులు, 10 గ్రాములకు 2 మైక్రోవోల్టులు. మనకు కావలసిన ఈ తేడా కన్నా మనకు అక్కరలేని ఉమ్మడి 2.5 వోల్టులు 250 రెట్లు పెద్దవి. దానికి తోడు పక్కన నడిచే ఫ్రిజ్, పైన తిరిగే ఫ్యాను, గోడలోని వైరింగ్ కలిసి లోడ్ సెల్ తీగల్లోకి 50 హెర్ట్జ్ గుయ్‌గుయ్‌ను ఎక్కిస్తాయి. రెండు తీగలూ పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి అది రెండింటి మీదకూ దాదాపు ఒకేలా ఎక్కుతుంది, అంటే అదీ ఉమ్మడి వోల్టేజే. తేడాను రెండు వందల రెట్లు పెంచి, ఉమ్మడిగా ఉన్నదాన్ని దాదాపు పూర్తిగా వదిలేసే సర్క్యూట్ మనకు కావాలి.

కాలేజీలో అందరూ మొదట నేర్చుకునే జవాబు ఒకే ఆప్-యాంప్, నాలుగు రెసిస్టర్లతో చేసే తీసివేత సర్క్యూట్. రెండు సిగ్నల్ తీగలకూ చెరొక 1 కిలోఓమ్, వెనక చెరొక 200 కిలోఓమ్‌లు పెడితే లెక్క ప్రకారం గెయిన్ 200. పాఠంలో ఇది సరిగ్గానే ఉంటుంది, లోడ్ సెల్ తగిలించగానే రెండు విధాల తేడా కొడుతుంది.

మొదటిది, ఈ సర్క్యూట్ బ్రిడ్జి నుంచి కరెంటు లాగుతుంది. బ్రిడ్జి సిగ్నల్ మూలల్లో ఒక్కొక్కదాని వెనక 175 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. అది మన 1 కిలోఓమ్‌కు తోడై 1,175 ఓమ్‌లవుతుంది, గెయిన్ 200 నుంచి 170కి జారిపోతుంది. పోనీ ఆ 170నే లెక్కలోకి తీసుకుందామంటే, ఆ 175 ఓమ్‌లు కేబుల్ పొడవును బట్టి, లోడ్ సెల్‌ను బట్టి, వేడిని బట్టి మారుతూ ఉంటాయి. లోడ్ సెల్ మార్చినప్పుడల్లా గెయిన్ మారిపోయే కాటా ఎవరికి కావాలి?

రెండోది ఇంకా గట్టి దెబ్బ. ఉమ్మడి వోల్టేజిని తీసివేయాలంటే పై జత రెసిస్టర్ల నిష్పత్తి, కింది జత నిష్పత్తి అచ్చం ఒకటే కావాలి. 1 శాతం రెసిస్టర్లు వాడితే, నాలుగూ తలో పక్కకు తప్పిన అధమ పరిస్థితిలో ఉమ్మడి వోల్టేజిలో దాదాపు అయిదు వేలవ వంతు తేడాలాగా వేషం మార్చుకుని లోపలికి వచ్చేస్తుంది. 2.5 వోల్టులకు అది అర మిల్లీవోల్టు. కాటా భాషలో రెండున్నర కిలోలు! స్థిరంగా ఉండే తప్పును టేర్ బటన్‌తో సున్నా చేసుకోవచ్చు. ఆ 50 హెర్ట్జ్ గుయ్‌గుయ్ స్థిరంగా ఉండదు కదా. అది తీగల మీద 100 మిల్లీవోల్టులు ఎక్కిందనుకుంటే కాటాలో 20 మైక్రోవోల్టులు, అంటే 100 గ్రాములు అటూ ఇటూ ఊగుతుంది. దీన్ని సరిచేద్దామని గెయిన్ మార్చబోతే రెండు రెసిస్టర్లను ఒకేసారి, ఒకే నిష్పత్తిలో మార్చాలి. ఒకటి కాస్త తప్పితే ఉన్న పొందిక కూడా చెడుతుంది.

మూడు ఆప్-యాంప్‌ల ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ ఈ రెండింటికీ ఒకేచోట మందు వేస్తుంది. దీని అమరికలో చివరి భాగం మనం ఇందాక చూసిన తీసివేత సర్క్యూటే. కొత్తగా వచ్చింది దానికి ముందున్న రెండు ఆప్-యాంప్‌లు. ఒక్కో సిగ్నల్ తీగ నేరుగా ఒక్కో ఆప్-యాంప్ ప్లస్ కాలికి వెళుతుంది. ఆ కాలు తీసుకునే కరెంటు నానోఆంపియర్లలో ఉంటుంది కాబట్టి 175 ఓమ్‌లైనా 1,000 ఓమ్‌లైనా బ్రిడ్జికి భారం ఉండదు. మొదటి చిక్కు అక్కడితో తీరిపోయింది.

రెండో చిక్కు తీరే తీరు చూడాలంటే ఆ రెండు ఆప్-యాంప్‌ల మైనస్ కాళ్ళ దగ్గరకు రావాలి. ఒక్కో మైనస్ కాలి నుంచి దాని సొంత అవుట్‌పుట్‌కు ఒక రెసిస్టర్ ఉంటుంది. రెండు మైనస్ కాళ్ళనూ కలుపుతూ మధ్యలో ఇంకొక రెసిస్టర్ ఉంటుంది. ఈ మధ్యదే గెయిన్ రెసిస్టర్. దాని ఏ కొసా గ్రౌండుకు తగలదన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి. నా మటుకు నాకు ఈ సర్క్యూట్ మొత్తంలో తెలివంతా ఈ ఒక్క విషయంలోనే ఉంది.

ఆప్-యాంప్ చేసే పని ఒక్కటే. తన అవుట్‌పుట్‌ను ఎంత కావాలంటే అంత కదిలించి, మైనస్ కాలిని ప్లస్ కాలితో సమానంగా నిలబెడుతుంది. కాబట్టి ఒక సిగ్నల్ తీగ మీది వోల్టేజి గెయిన్ రెసిస్టర్ ఒక కొస దగ్గర, రెండో తీగ వోల్టేజి రెండో కొస దగ్గర అచ్చుగుద్దినట్టు కనిపిస్తాయి. రెండు నీళ్ళ తొట్లను అడుగున ఒక గొట్టంతో కలిపితే, నీటి మట్టం రెండింట్లోనూ సమానంగా ఉన్నంతసేపు అవి నిండుగా ఉన్నా సగానికి ఉన్నా గొట్టంలో నీరు కదలదు. మట్టాల మధ్య తేడా వచ్చినప్పుడే కదులుతుంది. గెయిన్ రెసిస్టర్ ఆ గొట్టం లాంటిదే. రెండు తీగలూ 2.5 వోల్టుల దగ్గరున్నా, 3 వోల్టులకు ఎక్కినా, రెండింటి మీదా 50 హెర్ట్జ్ ఊగుతున్నా, రెండు కొసలూ కలిసి ఎక్కి కలిసి దిగుతాయి. దానిలో కరెంటు పారదు. కరెంటే పారకపోతే పక్క రెసిస్టర్లలోనూ పారదు, వాటి మీద వోల్టేజి పడదు. కాబట్టి ఉమ్మడి వోల్టేజి ఏ మార్పూ లేకుండా, ఒకటికి ఒకటిగా, రెండు అవుట్‌పుట్‌లకూ చేరుతుంది. తేడా మాత్రం కరెంటుగా మారి పెద్దదవుతుంది.

దీన్ని అంకెల్లో చూద్దాం. బర్-బ్రౌన్ కంపెనీ తెచ్చి, ఇప్పుడు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అమ్ముతున్న INA128 అనే ఎనిమిది కాళ్ళ ఐసీలో ఈ మూడు ఆప్-యాంప్‌లూ ఇమిడి ఉన్నాయి. మైనస్ కాళ్ళ పక్క రెసిస్టర్లు చెరొక 25 కిలోఓమ్‌లు, అవి లోపలే ఉంటాయి. గెయిన్ రెసిస్టర్ ఒక్కటే బయట, 1వ కాలికీ 8వ కాలికీ మధ్య మనం పెట్టుకోవాలి. దాని సూత్రం ఇది:

```
G = 1 + 50000 / RG
```

గెయిన్ 200 కావాలంటే 251 ఓమ్‌లు రావాలి. బజారులో దొరికే 1 శాతం రెసిస్టర్లలో దగ్గరిది 249 ఓమ్‌లు. దాంతో గెయిన్ 201.8 అవుతుంది.

కాటా మీద 50 కిలోలు పెట్టాం. గెయిన్ రెసిస్టర్ ఒక కొస 2.505, రెండో కొస 2.495. మధ్య తేడా 10 మిల్లీవోల్టులు, కాబట్టి 249 ఓమ్‌లలో 40 మైక్రోఆంపియర్ల కరెంటు పారుతుంది. ఆప్-యాంప్ కాళ్ళు కరెంటు మింగవు కాబట్టి, ఆ 40 మైక్రోఆంపియర్లు వేరే దారి లేక రెండు 25 కిలోఓమ్‌ల గుండా కూడా పారాల్సిందే. ఒక్కోదాని మీద 1.004 వోల్టులు పడతాయి. పై ఆప్-యాంప్ అవుట్‌పుట్ 2.505కు 1.004 కలిసి 3.509 వోల్టులు. కింది దాని అవుట్‌పుట్ 2.495లోంచి 1.004 పోయి 1.491 వోల్టులు. రెండింటి మధ్య తేడా 2.018 వోల్టులు. 10 మిల్లీవోల్టులు 2 వోల్టులయ్యాయి, ఉమ్మడి 2.5 మాత్రం 2.5గానే ఉంది. మూడో ఆప్-యాంప్‌కు మిగిలింది ఆ ఉమ్మడిని తీసివేసి 2.018 వోల్టులను ఒకే తీగ మీద ఇవ్వడం.

సూత్రంలోని 1 ఎక్కడిదో కూడా ఇందులోనే తెలుస్తుంది. కరెంటు మూడు రెసిస్టర్ల గుండా పారుతోంది. పక్కనున్న రెండింటి వల్ల 50,000 భాగం వస్తే, గెయిన్ రెసిస్టర్ సొంత వోల్టేజి ఆ 1ని కలుపుతుంది. రెసిస్టర్ అసలు పెట్టకపోతే కరెంటే పారదు, గెయిన్ 1.

ఇక గెయిన్ మార్చడానికి ఒక్క రెసిస్టర్ ఎలా చాలుతుందన్న ప్రశ్నకు జవాబు దాదాపు వచ్చేసినట్టే. ఆ రెసిస్టర్ దేనితోనూ జత కుదరక్కరలేదు. 249 బదులు 251 పడినా, పక్కనున్న రెండు 25 కిలోఓమ్‌లలో ఒకటి కాస్త తక్కువైనా గెయిన్ కొంచెం మారుతుందే కాని ఉమ్మడి వోల్టేజి లోపలికి జొరబడదు. ఎందుకంటే ఉమ్మడి వోల్టేజి వల్ల ఆ మూడింటిలో కరెంటే పారడం లేదు. పొందిక కావలసింది చివరి తీసివేత భాగంలోని నాలుగు రెసిస్టర్లకు మాత్రమే. అవి 40 కిలోఓమ్‌ల చొప్పున ఐసీ లోపలే ఉంటాయి, ఫ్యాక్టరీలో లేజర్‌తో చెక్కి సరిచేస్తారు. మనం వాటి జోలికి వెళ్ళే అవసరమే రాదు.

ఈ మాట నిజమో కాదో డేటాషీటే చెబుతుంది. INA128 మంచి గ్రేడు ఐసీ గెయిన్ 1 దగ్గర ఉమ్మడి వోల్టేజిని కనీసం 80 డెసిబెల్స్ అణుస్తుందని హామీ, అంటే పదివేలవ వంతుకు తగ్గిస్తుంది. గెయిన్ 100 దగ్గర అదే హామీ 120 డెసిబెల్స్, పది లక్షలవ వంతు. గెయిన్ వంద రెట్లు పెరిగితే అణచడం కూడా సరిగ్గా వంద రెట్లు పెరిగింది. తీసివేత భాగం మెరుగుపడలేదు; ముందు భాగం తేడాను వంద రెట్లు పెంచి ఇచ్చింది, ఉమ్మడిని పెంచలేదు, అంతే. మన కాటాలో 100 మిల్లీవోల్టుల గుయ్‌గుయ్ ఇందాక 100 గ్రాములు ఊపింది. ఈ లెక్కన ఇప్పుడు అర గ్రాము.

అయితే అంతా ఒక్క రెసిస్టర్ మీద పెట్టినప్పుడు దాని గుణమే కాటా గుణమవుతుంది. 249 బదులు కాస్త వేరే విలువ పడటం పెద్ద విషయం కాదు, తెలిసిన తూకం రాయి పెట్టి కాలిబ్రేట్ చేస్తే సరిపోతుంది. వేడికి మారడం అలా కాదు. డిగ్రీకి పది లక్షల్లో 100 వంతులు మారే మామూలు రెసిస్టర్ పెట్టి, ఉదయం 20 డిగ్రీల దగ్గర కాలిబ్రేట్ చేస్తే, మధ్యాహ్నం 40 డిగ్రీలకు గెయిన్ 0.2 శాతం తప్పుతుంది. 25 కిలోల బియ్యం బస్తా మీద 50 గ్రాములు. అందుకే ఇక్కడ 25 వంతులో, ఇంకా తక్కువో మారే మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ పెట్టాలి. బ్రెడ్‌బోర్డు మీద చేసేవాళ్ళకు ఇంకో సంగతి: వదులైన క్లిప్పులో 1 ఓమ్ కలిసినా 249కి అది 0.4 శాతం, బస్తా మీద 100 గ్రాములు. రెసిస్టర్‌ను 1, 8 కాళ్ళకు వీలైనంత దగ్గరగా టంకం పెట్టాలి.

ఆ టంకం పగిలితే కాటా చూపించే లక్షణం విచిత్రంగా ఉంటుంది. గెయిన్ 1కి పడిపోతుంది, 25 కిలోల బస్తా పెడితే డిస్‌ప్లే మీద 124 గ్రాములు వస్తుంది. లోడ్ సెల్ చచ్చిపోయిందనుకుని మార్చేయడం చాలా తేలిక. కాని చచ్చిన లోడ్ సెల్ బరువుకు తగ్గట్టు అంకెలు మార్చదు. ఇక్కడ 50 కిలోలు పెడితే 248 గ్రాములు, బరువుకు తగ్గట్టే వస్తుంది. అలా రెండు వందల రెట్లు తక్కువగా, కాని వరుస తప్పకుండా అంకెలు వస్తుంటే ముందు చూడాల్సింది ఆ రెసిస్టర్‌నే.

దీనికన్నా మోసకారి తప్పు ఐసీ లోపల జరుగుతుంది. రెండు 9 వోల్టుల బ్యాటరీలతో ప్లస్, మైనస్ సప్లై ఇచ్చి, సిగ్నల్ పెద్దగా రావాలని బ్రిడ్జికి 5 బదులు స్థిరమైన 10 వోల్టులు ఇచ్చారనుకుందాం. తేడా 20 మిల్లీవోల్టులవుతుంది, ఉమ్మడి 5 వోల్టులకు ఎక్కుతుంది. 50 కిలోలకు పై ఆప్-యాంప్ అవుట్‌పుట్ 7 వోల్టులకు చేరాలి. ఈ ఐసీ సప్లైకి సుమారు ఒకటిన్నర వోల్టు కిందదాకానే ఎక్కగలదు, కాబట్టి 9 దగ్గర ఇబ్బంది లేదు. బ్యాటరీ వాడి 8కి దిగినప్పుడు పై ఆప్-యాంప్ 6.6 దగ్గర తలకు తగిలి ఆగిపోతుంది. అప్పుడు కాటా 40 కిలోల దాకా చక్కగా తూచి, ఆపైన ఎంత పెట్టినా కదలదు. బయట మీటర్ పెట్టి కొలిస్తే అవుట్‌పుట్ 3.2 వోల్టులే ఉంటుంది. అది ఇంకా ఎంతో ఎక్కగలదు కాబట్టి చూసినవాళ్ళకు అనుమానమే రాదు. ఆగిపోయింది లోపల, మీటర్ ముల్లు తాకలేని చోట. గెయిన్ ఎంచుకునేటప్పుడు చివరి అవుట్‌పుట్ ఒక్కటే కాక, ఉమ్మడి వోల్టేజికి సగం అవుట్‌పుట్ కలిపి ఆ మొత్తం సప్లైలో ఇముడుతుందా అని చూడాల్సింది ఇందుకే.

బ్రిడ్జి సెన్సర్‌కూ ఈ యాంప్లిఫయర్‌కూ అంత బాగా కుదరడానికి ఇంకో చిన్న కారణం ఉంది. ప్లస్ కాళ్ళు తీసుకునే నానోఆంపియర్లకు కూడా వెనక్కి పోయే దారి కావాలి. థర్మోకపుల్ లాంటి సెన్సర్లకు ఆ దారిని విడిగా కల్పించాలి, బ్రిడ్జికి తన రెసిస్టర్లే దారి. కాని బ్రిడ్జికి వేరే అడాప్టర్‌తో కరెంటు ఇచ్చి, దాని మైనస్‌ను యాంప్లిఫయర్ గ్రౌండుతో కలపకపోతే ఆ దారి తెగిపోతుంది. అవుట్‌పుట్ మెల్లగా జారి ఒక చివరకు అతుక్కుంటుంది. చేత్తో తాకితే కదులుతుంది. అలా తాకితే కదిలితే ముందు గ్రౌండు తీగ వెతకండి.

5వ కాలు, రెఫరెన్స్, కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. ఇది చివరి భాగంలోని ఒక 40 కిలోఓమ్‌ల రెసిస్టర్ కొస. దాన్ని నేరుగా గ్రౌండుకు కలపాలి. మధ్యలో 8 ఓమ్‌లు చేరినా గెయిన్ 1 దగ్గర అణచడం దాదాపు 80 డెసిబెల్స్‌కు దిగుతుందని డేటాషీట్ హెచ్చరిస్తుంది. సగం సప్లై కావాలని రెండు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్లతో విభజించి నేరుగా ఈ కాలికి ఇస్తే, లేజర్‌తో చెక్కి తెచ్చిన పొందికంతా పోయినట్టే. అలా కావాలంటే మధ్యలో ఇంకో ఆప్-యాంప్ పెట్టాలి.

ఇవాళ చవక కాటాల్లో చాలావాటిలో HX711 అనే ఐసీ ఉంటుంది. లోపలే యాంప్లిఫయర్, 24 బిట్ల మార్పిడి రెండూ ఉంటాయి, గెయిన్ 128 లాంటి స్థిర విలువల్లోంచి ఎంచుకోవాలి, రెసిస్టర్ అక్కర్లేదు. నెమ్మదిగా మారే బరువులకు అది చక్కగా సరిపోతుంది. అది సెకనుకు 10 సార్లో 80 సార్లో మాత్రమే కొలుస్తుంది కాబట్టి, ప్రెస్ దెబ్బనో ఇంజిన్ లోపలి ఒత్తిడినో కొలవాలంటే విడి ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్ దగ్గరకే రావాలి.

కొత్తగా కట్టిన సర్క్యూట్ నిజంగా ఉమ్మడిని వదిలేస్తోందో లేదో తేల్చుకోవడం అయిదు నిమిషాల పని. లోడ్ సెల్ సిగ్నల్ తీగలు రెండూ విప్పేసి, ఐసీ 2, 3 కాళ్ళను ఒకదానితో ఒకటి కలపండి. ఆ జంటకు ఒక పొటెన్షియోమీటర్ నుంచి 2 వోల్టులు ఇచ్చి అవుట్‌పుట్ రాసుకోండి, తర్వాత 3 వోల్టులు ఇచ్చి మళ్ళీ రాసుకోండి. ఈ ఐసీ ఇచ్చిన హామీ ప్రకారం, గెయిన్ 200 దగ్గర ఆ రెండు అంకెల మధ్య తేడా పాయింట్ రెండు మిల్లీవోల్టులు దాటకూడదు. పదుల మిల్లీవోల్టులు వస్తే 5వ కాలి దగ్గర చూడండి. వోల్టుల్లో వస్తే సప్లై చాలడం లేదు.